గ్యాస్ సిలిండరుకు అతుకు నడుము చుట్టూనే ఎందుకు?

ఇంటి గ్యాస్ సిలిండరును కాస్త పరిశీలనగా చూస్తే దాని నడుము చుట్టూ ఉబ్బెత్తుగా ఒక వెల్డింగ్ గీత కనిపిస్తుంది. పై నుంచి కిందికి నిలువుగా మాత్రం ఏ గీతా ఉండదు. రేకును గొట్టంలా చుట్టి నిలువునా అతికించడం తేలికే. అయినా ఉక్కు రేకును ప్రెస్సులో నొక్కి రెండు లోతైన గిన్నెల్లా మలిచి, వాటి అంచులను ఎదురెదురుగా పెట్టి వెల్డింగ్ చేస్తారు. ఇలా చేయడానికి కారణం చిన్న లెక్కలో ఉంది.

14.2 కిలోల సిలిండరు లోపలి వ్యాసం సుమారు 31.4 సెంటీమీటర్లు. గోడ మందం రెండున్నర మిల్లీమీటర్లని అనుకుందాం. నీళ్లు నింపి పరీక్షించేటప్పుడు చదరపు సెంటీమీటరుకు 25 కిలోల పీడనం పెడతారు. వంటింట్లో వాడేటప్పుడు లోపలుండేది దీనికంటే చాలా తక్కువ.

సిలిండరును నిలువునా రెండుగా చీల్చినట్టు ఊహించండి. ఒక సెంటీమీటరు ఎత్తున్న ముక్కను తీసుకుంటే, లోపలి పీడనం రెండు సగాలనూ విడదీయడానికి 25 × 31.4, అంటే 785 కిలోల బలంతో తోస్తుంది. వాటిని విడిపోకుండా పట్టి ఉంచేది కుడివైపు గోడ, ఎడమవైపు గోడ మాత్రమే. రెండూ కలిపి అర చదరపు సెంటీమీటరు ఉక్కు. కాబట్టి ఉక్కు మీద చదరపు సెంటీమీటరుకు 1,570 కిలోల లాగుడు పడుతుంది. గోడను చుట్టూ సాగదీసే ఈ ప్రతిబలాన్నే ఇంజినీర్లు హూప్ స్ట్రెస్ అంటారు.

ఇప్పుడు దాన్నే అడ్డంగా, నడుము దగ్గర కోసినట్టు ఊహించండి. పీడనం పై సగాన్ని దాదాపు 19 టన్నుల బలంతో పైకి తోస్తుంది. అంకె భయపెట్టేదే, కానీ ఇక్కడ పట్టి ఉంచేది నడుము చుట్టూ ఉన్న మొత్తం గోడ, అంటే సుమారు 24.7 చదరపు సెంటీమీటర్ల ఉక్కు. భాగిస్తే వచ్చేది 785 కిలోలు, మొదటిదానిలో సరిగ్గా సగం. ఇది నిలువు ప్రతిబలం. పీడనం p, వ్యాసం D, మందం t అయితే సూత్రాలు ఇవి:

```
చుట్టు ప్రతిబలం   = pD / 2t
నిలువు ప్రతిబలం = pD / 4t
```

నిలువు అతుకు ఉంటే పెద్ద లాగుడు దాన్నే విప్పదీయాలని చూస్తుంది. నడుము అతుకును విప్పదీయాలని చూసేది అందులో సగమే. పీడనం హద్దు మీరితే మంచి ఉక్కు సిలిండరు ముందు ఉబ్బి, తర్వాత పొడవునా చీలడానికీ కారణం ఇదే.

గోడ ఎంత మందం ఉండాలో తేల్చేది కూడా చుట్టు ప్రతిబలమే. ఈ రకం ఉక్కు చదరపు సెంటీమీటరుకు సుమారు 2,400 కిలోల దగ్గర శాశ్వతంగా సాగిపోవడం మొదలుపెడుతుంది. అందులో 80 శాతమే వాడుకుంటే 1,920. వెల్డింగ్ వల్ల లోహం కాస్త బలహీనపడవచ్చని మరో పదో వంతు తగ్గిస్తే 1,728. అప్పుడు కావలసిన మందం 785ను 1,728కి రెట్టింపుతో భాగించినంత, అంటే 2.27 మిల్లీమీటర్లు. ప్రెస్సులో సాగినప్పుడు రేకు కొన్నిచోట్ల పలచబడుతుంది కనుక ఇంతకంటే మందమైన రేకుతోనే పని మొదలుపెట్టాలి. సిలిండరు ఎత్తు పెంచితే ఈ మందం మారదు, ఎందుకంటే తోసే బలమూ ఆపే ఉక్కూ కలిసే పెరుగుతాయి. వ్యాసం రెట్టింపైతే మాత్రం మందమూ రెట్టింపు కావాలి.

వ్యాసంతో పోలిస్తే గోడ బాగా పలచగా ఉన్నప్పుడే ఈ లెక్క చెల్లుతుంది. వాల్వు బిగించే చోట, కింది రింగు అతికిన చోట, లోతైన సొట్ట పడినచోట లాగుడు ఒకేలా ఉండదు. అక్కడ ఇది సరిపోదు.

గోడను తినేసేది తుప్పు. తడి నేల మీద కూర్చునే కింది భాగానికే అది ముందు పడుతుంది. పొట్ట గోడ 1.5 మిల్లీమీటర్లకు అరిగిపోయిందనుకుంటే, పరీక్ష పీడనం దగ్గర చుట్టు ప్రతిబలం 2,600 దాటుతుంది. అంటే ఆ గోడ పరీక్షకే సాగిపోతుంది. ఇలాంటి సిలిండర్లను పట్టుకోవడానికే నిర్ణీత కాలానికోసారి మళ్లీ పరీక్షిస్తారు. ఆ గడువు పై రింగును మోసే పట్టీల్లో ఒకదాని లోపలివైపు రాసి ఉంటుంది. A అంటే మార్చి, B అంటే జూన్, C అంటే సెప్టెంబరు, D అంటే డిసెంబరు చివర. పక్కనున్న అంకె సంవత్సరం. C-27 అని ఉంటే 2027 సెప్టెంబరు దాకా గడువున్నట్టు. గడువు దాటినా, సొట్టలు పడినా, అడుగున తుప్పు పొరలు లేస్తున్నా ఆ సిలిండరును దించుకోకుండా వెనక్కి పంపి, వేరేది అడగండి.