ఎనిమిది బల్లల చిక్కు

రబ్బర్ బ్రిడ్జ్ బదులు ఇకపై డూప్లికేట్ పెయిర్స్ ఆడిస్తామని క్లబ్ కార్యదర్శి ఉత్తరం రాస్తే, సభ్యుల చూపు ముందు ప్రవేశ రుసుము మీద పడుతుంది. అది పందెం కాదు. హాలుకూ, పేకలకూ, బహుమతులకూ ఒక్కో జోడీ ఇచ్చే వాటా.

శ్రద్ధగా చదవాల్సింది కూర్చునే నియమాన్ని. మిచెల్ పద్ధతిలో ఉత్తర-దక్షిణ జోడీలు కదలవు. ప్రతి రౌండు తర్వాత తూర్పు-పడమర జోడీలు పై నంబరు బల్లకు, పంచిన ముక్కలున్న బోర్డులు కింది నంబరు బల్లకు వెళ్తాయి. అవే ముక్కలతో ఇతరులు ఎలా ఆడారన్నదే పోలిక కాబట్టి, మంచి ముక్కలు పడినంత మాత్రాన గెలుపు రాదు.

7 బల్లలైతే ఆట సాఫీగా సాగుతుంది. 8 అయితే ఐదో రౌండులో తూర్పు-పడమర జోడీలకు మొదట ఆడిన బోర్డులే మళ్లీ ఎదురవుతాయి. అందుకే నాలుగో రౌండు కాగానే వాళ్లు ఒక బల్ల దాటి కూర్చోవాలని ఉత్తరంలోనే రాయాలి.