54 దగ్గర ఆగిపోయే వైఫై

టీకిప్ అనే వైఫై తాళాన్ని తాత్కాలిక ఏర్పాటుగానే తయారుచేశారు. దానికి ముందున్న వెప్, ప్రతి ప్యాకెట్‌తోనూ 24 బిట్ల సంఖ్యనొకదాన్ని అందరికీ కనిపించేలా పంపేది. అదే సంఖ్యను రహస్య తాళానికి ముందు అతికించి ఆర్‌సీ4 అనే సంకేత యంత్రానికి ఇచ్చేది. ఆ సంఖ్యల్లో కొన్ని మరీ బలహీనమైనవని, అవి వాడిన ప్యాకెట్లను పోగుచేస్తే తాళం ఒక్కో బైటుగా బయటపడుతుందని 2001లో ఫ్లూరర్, మాంటిన్, షమీర్ చూపించారు. అప్పటికే అమ్ముడైన కార్డుల చిప్పుల్లో ఆర్‌సీ4 స్థిరపడిపోయింది, వాటి ప్రాసెసర్లా బలహీనం. కొత్త చిప్ పెట్టకుండా, ఫర్మ్‌వేర్ మార్పుతోనే ఆ కార్డులను గట్టెక్కించాల్సి వచ్చింది.

డగ్ వైటింగ్, రాన్ రివెస్ట్ ఇచ్చిన ఉపాయం ముచ్చటైనది. ఆర్‌సీ4ను కనిపెట్టింది కూడా ఈ రివెస్టే. ప్యాకెట్లను లెక్కించడానికి 48 బిట్ల లెక్కింపు పెట్టి, దాన్ని రెండు ముక్కలు చేశారు. పై 32 బిట్లను, పంపే పరికరం చిరునామాను, రహస్య తాళాన్ని కలిపి ఒక మధ్యంతర తాళం తయారవుతుంది. ఇది బరువైన పని, కానీ 65,536 ప్యాకెట్లకు ఒక్కసారి చేస్తే చాలు. కింది 16 బిట్లను ఆ మధ్యంతర తాళంతో కలపడం తేలిక పని, అందుకే అది ప్రతి ప్యాకెట్‌కూ జరుగుతుంది. అలా ఏ ప్యాకెట్ తాళం ఆ ప్యాకెట్‌దే. పాత చిప్‌కు కావలసిన 24 బిట్ల చోట రెండు బైట్లలో లెక్కింపును ఉంచి, మధ్య బైటును మొదటి బైటు నుంచే తయారుచేశారు. అందులో ఒక బిట్‌ను ఎప్పుడూ 1గా, మరొకదాన్ని ఎప్పుడూ 0గా ఉంచడంతో ఆ బలహీన సంఖ్యలు అసలు పుట్టవు.

దొంగ ప్యాకెట్లను పట్టే పని నీల్స్ ఫెర్గూసన్ రూపొందించిన మైకేల్‌ది. అందులో గుణకారాలు లేవు. కూడికలు, ఎక్స్‌ఓఆర్‌లు, బిట్లను జరపడాలే ఉన్నాయి. అంత తేలికైనది ఎక్కువకాలం నిలవదని తెలిసే ఒక కాపలా పెట్టారు: నిమిషంలోపు రెండు తప్పుడు ప్యాకెట్లు తగిలితే రౌటర్ ఒక నిమిషం పాటు టీకిప్ పరికరాలన్నిటినీ ఆపేస్తుంది.

తర్వాతి కథ చిన్నదే. 2003లో టీకిప్ డబ్ల్యూపీఏ పేరుతో బజారుకొచ్చింది, 2004లో వైఫైకి ఏఈఎస్ ప్రమాణమైంది, 2008లో బెక్, ట్యూస్ టీకిప్‌కు గండి కొట్టారు. 2009 నాటి 802.11ఎన్ ప్రమాణం తన కొత్త వేగాలను వెప్, టీకిప్‌లతో వాడకూడదని నిషేధించింది. టీకిప్ పెట్టుకున్న పరికరం పాత 54 ఎంబీపీఎస్‌కు పడిపోవడానికి కారణం ఆ నిషేధమే. 2016 ఏప్రిల్‌లో కాచిగూడ స్టేషన్‌లో గూగుల్, రైల్‌టెల్ ఇచ్చిన ఉచిత వైఫై తాళం లేని నెట్‌వర్క్. నిషేధం తాళం లేనివాటికి వర్తించదు. పాత తాళం వేసుకున్న ఇంటికి ఉన్న వేగ పరిమితి తలుపు తెరిచి ఉంచిన స్టేషన్‌కు లేదన్నమాట.

టీకిప్, ఏఈఎస్ రెండిటినీ అనుమతించే మిశ్రమ మోడ్‌లో చిక్కు మరోరకం. ప్రతి పరికరానికీ సొంత తాళం ఒకటి, అందరికీ పంపే ప్యాకెట్లకు ఉమ్మడి తాళం ఒకటి ఉంటాయి. టీకిప్ మాత్రమే తెలిసిన పరికరానికీ చోటివ్వాలి కాబట్టి ఉమ్మడి తాళం టీకిప్ అవుతుంది. సొంత తాళంగా ఏఈఎస్ ఎంచుకున్న ఫోన్ సాధారణంగా పూర్తి వేగంతోనే నడుస్తుంది. టీకిప్ ఎంచుకున్న ల్యాప్‌టాప్ 54 దాటదు. ఒకే గదిలో రెండు వేగాలు కనిపించేది ఇలాగే.

అశోక్‌నగర్‌లో ఒక కోచింగ్ హాస్టల్‌కు 100 ఎంబీపీఎస్ ఫైబర్ ఉందనుకుందాం. రౌటర్ పక్కనే కూర్చున్నా స్పీడ్ టెస్ట్ 20, 25 దగ్గరే ఆగుతోంది. గాలిలో 54 అంటే చేతికందేది సగం కన్నా తక్కువే, దాన్నీ గదులన్నీ పంచుకోవాలి. విండోస్ ల్యాప్‌టాప్‌లో ఈ ఆదేశం ఇస్తే సంగతి తెలుస్తుంది:

```
netsh wlan show interfaces
```

`Cipher` ఎదురుగా `TKIP`, `Radio type` ఎదురుగా `802.11g`, `Receive rate` ఎదురుగా 54 ఉంటే దోషం తాళానిదే. ఏఈఎస్‌ను సూచించే `CCMP` ఉండి కూడా వేగం తక్కువైతే దూరాన్నో, గోడలనో, పక్కింటి రౌటర్లనో అనుమానించాలి. `CCMP` ఉన్నా అంకె 54 దాటకపోతే రౌటర్‌లో `WMM` ఆపేసి ఉందేమో చూడాలి. ఎన్ వేగాలకు అదీ కావాలి.

సవరణ రౌటర్ వైర్‌లెస్ సెక్యూరిటీ పేజీలో చేయాలి. `WPA/WPA2` మిశ్రమం, `TKIP+AES`, `Auto` ఏది ఉన్నా తీసేసి `WPA2-PSK`, `AES` పెట్టాలి. రెండు బ్యాండ్లుంటే రెండింటిలోనూ మార్చాలి. `WPA2/WPA3` ఉంటే ఇంకా మంచిది. పాత ప్రింటర్ దానికి కలవనని మొరాయిస్తే `WPA2` ఒక్కటే ఉంచవచ్చు. తర్వాత పరికరాల్లో పాత నెట్‌వర్క్‌ను మరిచిపొమ్మని చెప్పి మళ్లీ కలపాలి. 2006 మార్చి నుంచి వైఫై ధ్రువీకరణకు ఏఈఎస్ తప్పనిసరి. అంతకన్నా పాత పరికరమేదీ వాడుకలో లేని ఇంట్లో టీకిప్‌ను ఉంచడానికి కారణమేదీ లేదు.