సగటులో దాగిన ఏడు గంటలు

కాల్ సెంటర్‌లో గంట గంటకూ ఎన్ని కాల్స్ వచ్చాయో, వాటిలో ఏజెంట్లు ఎన్ని ఎత్తారో, ఎంతమంది ఎదురుచూసి విసుగెత్తి ఫోన్ పెట్టేశారో చూపే రిపోర్టు ఒకటి ఉంటుంది. అలా పెట్టేసినవి అబాండన్డ్ కాల్స్. వచ్చిన మొత్తంలో వాటి శాతమే అబాండన్ రేటు. ఏ గంటకు ఎంతమందిని కూర్చోబెట్టాలో ఈ రిపోర్టు చూసే తేలుస్తారు.

కరెంటు ఫిర్యాదులు తీసుకునే ఒక కాల్ సెంటర్‌ను ఊహించుకుందాం. రోజుకు 1,000 కాల్స్, పోయినవి 60. ఆరు శాతమే కదా అనిపిస్తుంది. గంటలవారీగా విడదీస్తే కథ వేరు. సాయంత్రం 7 నుంచి 8 లోపు 120 వచ్చాయి, 30 పోయాయి. అంటే నూటికి 25. మధ్యాహ్నం 3 గంటలకు ఒక్కటీ పోలేదు, అప్పుడు ఏజెంట్లే కాల్ కోసం ఎదురుచూస్తున్నారు. రోజు సగటు ఈ రెండింటినీ కలిపేసి, ఇబ్బందిని కప్పేస్తుంది.

ఇక్కడే చాలామంది చేసే పొరపాటు ఉంది. ఎత్తిన 90 కాల్స్‌నే రేపటి అవసరంగా రాసుకుంటారు. మనుషులు చాలకే 30 పోయాయి, ఆ లెక్కతో వేస్తే రేపూ చాలరు. అలాగని 120 కూడా నికరం కాదు. పెట్టేసినవాళ్లలో కొందరు వెంటనే మళ్లీ చేస్తారు. ఫోన్ నంబర్లు సరిచూస్తే 12 కాల్స్ అలాంటివని తేలిందనుకుందాం. అప్పుడు అసలు అవసరం 108.

ఒక్కో కాల్‌కు 5 నిమిషాలు పడితే, గంటలో 540 నిమిషాల పని. అంటే తొమ్మిది మంది ఊపిరి తీసుకోకుండా చేసే పని. కానీ కాల్స్ వరసలో రావు, గుంపుగా మీదపడతాయి. తొమ్మిది మందినే పెడితే క్యూ కరగదు. డెన్మార్క్ గణితవేత్త ఎర్లాంగ్ 1917లో టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం ప్రచురించిన సూత్రాలు ఇందుకే ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. నూటికి 80 కాల్స్ 20 సెకన్లలోపు ఎత్తాలంటే, ఆ లెక్క ప్రకారం 13 మంది కావాలి. ఈ లెక్కలో ఎవరూ ఫోన్ పెట్టేయరనే అనుకుంటారు కాబట్టి, అది కాస్త ఎక్కువే చూపుతుంది.

ఆ 13 మందీ సీట్లో ఉండాల్సినవాళ్లు. సెలవులు, టీ విరామాలు, శిక్షణ కలిసి 30 శాతం సమయాన్ని తినేస్తే, షిఫ్టు పట్టికలో 19 పేర్లు ఉండాలి.

కాల్స్ పెరగకుండా అబాండన్ రేటు మాత్రం పెరిగితే, ముందు ఒక్కో కాల్‌కు పట్టే సమయం చూడాలి. కంప్యూటర్‌లో తెర నెమ్మదించి 5 నిమిషాల కాల్ 6 అయినా చాలు, అవే 108 కాల్స్‌కు 648 నిమిషాల పని అవుతుంది. ఇక 7:10కి కరెంటు పోతే, కాల్స్ అన్నీ మొదటి అరగంటలోనే పడతాయి. అలాంటి చోట గంట వరుస కూడా ఒక సగటే. అందుకే రిపోర్టును పావుగంట ముక్కలుగా తీస్తారు.