కలిపితేనే బిబింబాప్

తెలుగువాళ్ల కంచంలో అన్నం పడగానే వేళ్లు కలపడం మొదలుపెడతాయి. పప్పుతో ఒక వాయి, పులుసుతో ఒక వాయి, ఆఖరున పెరుగు. కొరియాలో తెల్లన్నాన్ని మామూలుగా తెల్లగానే ఉంచుతారు. చెంచాతో కాస్త అన్నం నోట్లో పెట్టుకుంటారు, పుల్లలతో ఒక కూర ముక్క అందుకుంటారు, మళ్లీ చెంచాతో వేడి చారు. ఆ కలయికంతా నోట్లోనే జరుగుతుంది. అందుకే గిన్నెలోనే కలిపేసి తినే అన్నం వాళ్లకు విడిగా ఒక వంటకమైంది, దానికో పేరు కూడా పెట్టుకున్నారు. బిబిమ్ అంటే కలపడం, బాప్ అంటే అన్నం. మన లెక్కన చూస్తే రోజూ మనం తినేదంతా బిబింబాపే.

బాప్ అనే మాటకు అన్నం అనే కాదు, భోజనం అని కూడా అర్థం. కొరియాలో అయినవాళ్లు ఎదురైతే పలకరింపుగా ‘అన్నం తిన్నావా’ అని అడుగుతారు. ఈ ఒక్క మాటతోనే వాళ్ల భోజనశాలలో సగం బెరుకు పోతుంది. మిగతా సగం మెనూ బోర్డు వల్ల వస్తుంది. పేర్లు పొడుగ్గా, ఒకదానిలాగే ఇంకొకటి ఉంటాయి. అయితే వాటిని చివరి నుంచి చదవాలి. వంకాయ వేపుడు, వంకాయ పులుసు, వంకాయ పచ్చడి అన్నప్పుడు కంచంలోకి ఏం వస్తోందో చెప్పేది చివరి మాటే కదా. కొరియన్‌లోనూ అంతే. కిమ్చి జ్జిగే, దోయెంజాంగ్ జ్జిగే, సుండుబు జ్జిగే, మూడింటిలోనూ తోక ఒక్కటే. మొదటిది పులిసిన క్యాబేజీతో, రెండోది పులియబెట్టిన సోయా ముద్దతో, మూడోది మెత్తటి టోఫుతో చేసింది. తోక ‘బొక్కుమ్’ అయితే వేపుడు, ‘గుయి’ అయితే నిప్పుల మీద కాల్చింది, ‘జొరిమ్’ అయితే సోయా సాస్‌లో దగ్గరపడేదాకా ఉడికించింది, ‘జియోన్’ అయితే పెనం మీద వేసిన అట్టు. ఈ నాలుగు తోకలు గుర్తుంటే చాలు, బోర్డు చాలావరకు విప్పుకుంటుంది.

జ్జిగే అని వినగానే మజ్జిగ గుర్తొస్తే తప్పు లేదు కానీ, ఆ రెంటికీ ఏ సంబంధమూ లేదు. దానికి దగ్గరి బంధువు మన పులుసు. కొరియన్లు నీళ్ల కూరల్లో రెండు జాతులు ముఖ్యంగా చూస్తారు. ఒకటి గుక్. ఇది పలచన, ఉప్పు కారం తక్కువ, ఎవరి గిన్నె వాళ్లది, చెంచాతో మన చారులా జుర్రుకోవచ్చు. రెండోది జ్జిగే. ఇందులో ముక్కలెక్కువ, నీళ్లు తక్కువ, ఉప్పు ఘాటుగా పడుతుంది. అన్నం పక్కన ఉంటుందన్న ధీమాతో వేసిన ఉప్పు అది. కొత్తగా వెళ్లినవాళ్లు చేసే మొదటి పొరపాటు జ్జిగేను సూపు అనుకుని వట్టిగా తాగడం. గోంగూర పులుసు గ్లాసులో పోసుకుని తాగినట్టే ఉంటుంది. ఒక చెంచా జ్జిగేకు ఒక చెంచా అన్నం, అదీ దాని లెక్క. ఇంట్లో అయితే జ్జిగే కుండ బల్ల మధ్యలో పెట్టి అందరూ అందులోంచే తినేవాళ్లు. ఇప్పుడు హోటళ్లలో గరిటె, చిన్న పళ్లేలు ఇస్తున్నారు, ఎవరికి వాళ్లు వడ్డించుకుంటారు.

మెనూలో ‘తంగ్’ అనే తోక కూడా కనిపిస్తుంది. అది గుక్‌కు అన్నగారు, ఎముకలో మాంసమో ఎక్కువసేపు మరిగించి తీసిన రసం. కోడిలో బియ్యం కూరి ఉడికించే సామ్‌గ్యేతంగ్ ఆ కుటుంబంలోదే.

ఇక బంచన్. బల్ల దగ్గర కూర్చుని ఒక జ్జిగే చెప్పగానే అడగకుండానే నాలుగైదు చిన్న గిన్నెలు వస్తాయి. ఇవి బిల్లులో పడతాయేమోనని కంగారు పడనక్కర్లేదు, పడవు. స్టార్టర్లనుకుని అన్నం రాకముందే ఖాళీ చేసేవాళ్లూ ఉన్నారు. బంచన్ అంటే అన్నంతో పాటు తినే అధరువు, అంతే. సోయా మొలకలను ఉడికించి నువ్వుల నూనె, వెల్లుల్లి కలిపిన కోంగ్‌నాముల్, పాలకూరతో అలాంటిదే మరొకటి, తీపి కారంగా వేయించిన చిన్న ఎండు చేపలు, చుట్టలు చుట్టి కోసిన గుడ్డట్టు, వీటితో పాటు తప్పనిసరిగా కిమ్చి. చాలా చోట్ల అయిపోయినవి అడిగితే మళ్లీ ఉచితంగా తెస్తారు. కొన్నిచోట్ల ఓ మూల బల్ల పెట్టి కావలసినవాళ్లు వేసుకోమంటారు. వదిలేస్తే మాత్రం ముఖం చిట్లిస్తారు. కొంచెం కొంచెంగా రెండుసార్లు వేసుకోవడమే మర్యాద.

బంచన్ ఎన్ని ఉన్నాయనేదే పాతకాలంలో భోజనం హోదాను చెప్పేది. జోసోన్ రాజుల కాలపు పద్ధతిలో ‘చాప్’ అనే లెక్క ఉండేది, మూత ఉన్న ఒక్కో చిన్న గిన్నె ఒక చాప్. సామాన్యుల ఇంట్లో మూడు, కలిగినవాళ్లకు అయిదు, ఏడు, తొమ్మిది. రాజుగారి బల్లకు పన్నెండు. ఇందులో చమత్కారమేమిటంటే అన్నం, గుక్, కిమ్చి, సాస్‌లు, జ్జిగే ఈ లెక్కలోకి రావు. అవి ఉండి తీరాల్సినవి, మన విస్తట్లో ఉప్పు, అన్నం లెక్కపెట్టనట్టు. పైగా ఒకే దినుసు, ఒకే వంట పద్ధతి రెండుసార్లు రాకుండా చూసుకునేవాళ్లు. ఒకటి వేపుడైతే ఇంకొకటి కాల్చింది, మరొకటి ఉడికించి కలిపింది. ఇప్పటి సామాన్యమైన హోటల్లో కూడా బంచన్ గిన్నెలను ఒకసారి పరీక్షగా చూడండి, ఆ పాత క్రమశిక్షణ నీడ కనిపిస్తుంది.

ఇద్దరు కలిసి సియోల్‌లో ఒక చిన్న పూటకూళ్ల హోటల్‌కు వెళ్లారనుకుందాం. బోర్డు మీద కిమ్చి జ్జిగే ధర పక్కన ‘ఇన్‌బున్’ అని ఉంటుంది. అంటే ఎంతమందికి అన్న లెక్క. కొన్ని జ్జిగేలను ఇద్దరికి తక్కువ వండరు, అందుకని ఒక్కళ్లే వెళ్తే ముందే అడిగి కూర్చోవాలి. మన ఇద్దరికీ కలిపి ఒకే కుండ వస్తుంది, తెచ్చి పెట్టాక కూడా సలసలా మరుగుతూనే ఉంటుంది, ఎందుకంటే ఆ మందపాటి మట్టికుండ వేడిని వదలదు. దాని పేరు తుక్‌పేగి. నోరు కాల్చుకోకుండా రెండు నిమిషాలు బంచన్‌తో గడపండి.

ఆ కుండలోకి వెళ్లే సరుకు చెబుతాను. ఇద్దరికి సుమారు మూడొందల గ్రాముల కిమ్చి, అందులో సగం పంది మాంసం. రెండూ కలిపి నూనెలో కాసేపు వేయించి, అర లీటరు నీళ్లు పోసి ఇరవై నిమిషాలు మరిగిస్తారు. చాలామంది మామూలు నీళ్లకు బదులు బియ్యం కడిగిన నీళ్లు పోస్తారు, చిక్కదనం కోసం. దించేముందు టోఫు ముక్కలు, ఉల్లికాడలు. ఇందులో రహస్యమంతా కిమ్చి వయసులో ఉంది. కొత్తగా పెట్టిన కిమ్చితో చేస్తే జ్జిగే చప్పగా, పచ్చి క్యాబేజీ వాసనతో ఉంటుంది. వట్టిగా తినడానికి మరీ పుల్లగా అయిపోయిన పాత కిమ్చే దీనికి సరైనది. నీళ్లు ఎర్రగా ఉన్నా నాలుకకు పులుపు తగలకపోతే ఆ వంటవాడి దగ్గర పాత కిమ్చి లేదన్నమాట. ఇంట్లో అలా జరిగితే కిమ్చి డబ్బా అడుగున ఊరిన పులుసు రెండు గరిటెలు కలుపుతారు.

అన్నం మూత ఉన్న స్టీలు గిన్నెలో వస్తుంది. మన వాళ్లు చూడగానే ‘ఇంతేనా’ అంటారు. ఆ గిన్నె చిన్నది కావడానికి చరిత్ర ఉంది. బియ్యం కరువుగా ఉన్న రోజుల్లో, 1976లో, సియోల్ నగర పాలకులు హోటళ్లలో అన్నం గిన్నె కొలత ఇంతే ఉండాలని కట్టడి చేశారు. పదిన్నర సెంటీమీటర్ల వెడల్పు, ఆరు సెంటీమీటర్ల లోతు. కరువు పోయింది, గిన్నె ఉండిపోయింది. దాన్ని చేత్తో ఎత్తుకుని తినడం వాళ్ల మర్యాద కాదు, బల్ల మీదే ఉంచి చెంచాతో తినాలి. అన్నం, గుక్ చెంచాతో, బంచన్ పుల్లలతో. గిన్నెలు పెట్టే వరసలో అన్నం ఎడమవైపు, గుక్ కుడివైపు.

ఇప్పుడు బిబింబాప్ దగ్గరికి మళ్లీ వద్దాం. గిన్నెలో అన్నం, పైన రంగురంగుల కుప్పలు, మధ్యలో గుడ్డు. ఆ కుప్పలేమిటో దగ్గరగా చూస్తే అవి మనం ఇందాక చూసిన బంచనే. సోయా మొలకలు, పాలకూర, కొండ ఫెర్న్ కాడలు, క్యారెట్. ఒక్కోదాన్నీ విడివిడిగా ఉడికించి, పిండి, విడివిడిగా ఉప్పు, నువ్వుల నూనె పట్టిస్తారు. అన్నీ కలిపి ఒకే మూకుట్లో వేయిస్తే అది కొరియన్ ఫ్రైడ్ రైస్ అవుతుంది, దాని పేరు బొక్కుమ్‌బాప్. కొరియన్ ఇళ్లలో రాత్రి మిగిలిన బంచన్ అంతా పెద్ద బేసిన్‌లో అన్నం మీద గుమ్మరించి, ఎర్ర మిరప ముద్ద గోచుజాంగ్, నాలుగు చుక్కల నువ్వుల నూనె వేసి కలిపి తినేస్తారు. హోటల్ బిబింబాప్ దాన్నే అలంకరించి పెట్టింది. ఒక బల్లంతా పరవాల్సిన భోజనం ఒక గిన్నెలోకి వచ్చేసింది కాబట్టి దాంతో పాటు ఒక చిన్న గుక్, రెండు మూడు బంచన్ మాత్రమే ఇస్తారు. తక్కువ ఇచ్చారని తగువు పెట్టుకోకండి.

తినడంలో రెండు మెలకువలు. గోచుజాంగ్ విడిగా ఇస్తే అంతా ఒకేసారి వేయొద్దు, ఒక చెంచాతో మొదలుపెట్టండి, కూరల్లో ఉప్పు ఇప్పటికే ఉంది. గిన్నె రాతిది అయితే, అంటే దోల్‌సొట్ అయితే, అడుగున అన్నం చిటపటలాడుతూ మాడుచెక్క కడుతుంటుంది. అన్నాన్ని గోడలకు అదిమి రెండు నిమిషాలు ఆగి కలిపితే ఆ కరకర దక్కుతుంది. రాగానే తిప్పేస్తే దక్కదు.

శాకాహారులకు ఒక మాట. బోర్డు మీద కూరగాయల బిబింబాప్ అని ఉన్నా గోచుజాంగ్‌లో గొడ్డు మాంసం తురుము వేయించి కలిపే అలవాటు ఉంది. దోయెంజాంగ్ జ్జిగే రసం సాధారణంగా ఎండు చేపలతో తీస్తారు. కిమ్చిలో కూడా ఉప్పులో ఊరబెట్టిన రొయ్యలో చేపల సాసో పడుతుంది. ‘గోగి ప్పే జుసెయో’ అంటే మాంసం తీసేయమని అర్థం, కానీ వంటవాళ్లలో చాలామందికి ఎండు చేప మాంసం కింద రాదు. చేప కూడా వద్దని విడిగా చెప్పండి. లేదంటే బౌద్ధ మఠాల పద్ధతిలో వండే భోజనశాల వెతుక్కోండి. అక్కడ మాంసం, చేపలే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు.