ఒక ప్రకటన ఎక్కడ ఆగింది?

పాత పత్రిక చేతికొస్తే చాలామంది మొదటి పేజీ చూస్తారు. నేను క్లాసిఫైడ్స్ కాలమ్ చూస్తాను. ఊళ్లో ఎలాంటి ఇళ్లు అద్దెకు దొరికేవి, వాటిని ఎవరికి ఇవ్వమనేవారు, ఏ పనికి మనిషి కావాలనేవారు అన్న సంగతులు వార్తల్లో దొరకవు. అయితే ఈ కాలమ్‌ను కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు అక్షరాలు తప్పుల్లేకుండా పడితే సరిపోదు. ఏ ప్రకటనకు ఆ ప్రకటన విడిగా నిలవాలి. లేకపోతే ఒకరి ఇంటికి ఇంకొకరి షరతు అంటుకుంటుంది.

స్కాన్ చేసిన బొమ్మను అక్షరాలుగా మార్చే ఓసీఆర్‌కు కనిపించేది పంక్తులే. రెండు ప్రకటనల మధ్య ఉన్న సన్నటి గీత చాలాసార్లు దానికి మరకతో సమానం, వదిలేస్తుంది. దాంతో కాలమ్ ఇలా బయటికొస్తుంది. పాత పత్రికల ధోరణిలో నేను కూర్చిన నమూనా ఇది:

```
ఇళ్లు అద్దెకు
మూడు గదుల పోర్షన్, బోరు నీరు కలదు.
శాకాహారులకు మాత్రమే. బాక్సు నెం. 214.
రెండు గదులు, మేడ మీద. బ్రహ్మచారులకు
ఇవ్వబడదు. బాక్సు నెం. 219.
టైపిస్టు కావలెను
తెలుగు, ఇంగ్లీషు రెండూ వచ్చి ఉండవలెను.
జీతం అర్హతను బట్టి. దరఖాస్తులు
```

ఇందులో ఎన్ని ప్రకటనలున్నాయి? మూడు. మొదటిది 214తో ముగిసింది. పత్రికాఫీసుకు జవాబులు చేరడానికి ఇచ్చే ఆ బాక్సు నంబరు దాదాపు ఎప్పుడూ ప్రకటన చివరే ఉంటుంది. తర్వాతి కాలంలో ఆ చోటులోకి ఫోన్ నంబరు వచ్చింది. ‘రెండు గదులు’ అన్నచోట రెండోది మొదలైంది. అచ్చులో ఆ మొదటి మాట లావు అక్షరాల్లో ఉంటుంది. ఓసీఆర్ పాఠంలో ఆ లావు పోతుంది కాబట్టి పక్కన అసలు బొమ్మ తెరిచి పెట్టుకోకుండా ఈ పని చేయకూడదు.

‘ఇళ్లు అద్దెకు’, ‘టైపిస్టు కావలెను’ పాఠంలో ఒకేలా కనిపిస్తున్నా రెండింటి హోదా వేరు. మొదటిది విభాగం పేరు, కింద ఉన్న రెండు ఇళ్లకూ చెందుతుంది. రెండోది ఆ ఒక్క ప్రకటనకే తలకట్టు. విభాగం పేరు సాధారణంగా కాలమ్ మధ్యలో, కాస్త పెద్ద అక్షరాల్లో ఉంటుంది. దాన్ని ప్రతి ప్రకటన పక్కనా మళ్లీ రాయాలి. మేడ మీది గదుల ప్రకటనలో ‘అద్దెకు’ అన్న మాటే లేదు చూడండి. విడదీశాక అది అద్దెకో అమ్మకానికో ఎవరికి తెలుస్తుంది?

మూడోది ‘దరఖాస్తులు’ దగ్గర తెగిపోయింది. కాలమ్ అడుగుకు వచ్చేసింది, మిగతాది పక్క కాలమ్ నెత్తిన ఉంటుంది. దాన్ని తెచ్చి ఇక్కడే కలపాలి. లేదంటే అక్కడ తలలేని ప్రకటన ఒకటి అదనంగా పుడుతుంది.

విడదీసిన వాటిని ఒక ప్రకటనకు ఒక వరుస చొప్పున పట్టికలో పెట్టడమే మేలు. CSV ఫైల్ అయితే ఇలా ఉంటుంది:

```
తేదీ,పుట,కాలమ్,వరుస,విభాగం,పాఠం
1974-06-09,7,3,2,ఇళ్లు అద్దెకు,"రెండు గదులు, మేడ మీద. బ్రహ్మచారులకు ఇవ్వబడదు. బాక్సు నెం. 219."
```

పాఠం చుట్టూ కొటేషన్ గుర్తులు ఎందుకంటే, ఈ ఫైల్లో కామా వస్తే గడి మారినట్టు లెక్క. అవి లేకపోతే ‘మేడ మీద’ పక్క గడిలోకి జరిగిపోతుంది. ఇంటి నంబరుకు విడిగా గడి పెడితే ఎక్సెల్‌లో ఇంకో చిక్కుంది. 3-4 అని కొట్టగానే దాన్ని తేదీగా మార్చేస్తుంది. ఫోన్ నంబరు ముందున్న సున్నాను మింగేస్తుంది. ఆ గడులను ముందే Text అని మార్చి ఉంచాలి.

పని అయ్యాక సరిచూసుకోవడానికి బాక్సు నంబర్లే దారి. ఒక వరుసలో రెండు నంబర్లుంటే రెండు ప్రకటనలు అతుక్కుపోయాయేమో చూడాలి. ఒక్కటీ లేకపోతే ఎక్కడో తెగిందేమోనని అనుమానించాలి. ఇది అనుమానమే, తీర్పు కాదు. రెండు ఫోన్ నంబర్లిచ్చిన ప్రకటనలూ, చిరునామాతో సరిపెట్టినవీ ఉంటాయి. తేల్చాల్సింది బొమ్మ చూసే. ‘కలదు’ను ‘ఉంది’గా, పాత వర్ణక్రమాన్ని కొత్తదిగా మార్చే హక్కు మాత్రం మనకు లేదు. చదవలేని అక్షరం దగ్గర [?] పెట్టి వదిలేయాలి. అదే ప్రకటన మర్నాడు మళ్లీ పడితే దాన్నీ వేరే వరుసగా రాయాలి. ఎన్ని రోజులు వేయించారన్నదీ సమాచారమే.

ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం వారి ట్రోవ్‌లో పాత పత్రికల పాఠాన్ని పాఠకులే పంక్తి పంక్తికీ దిద్దవచ్చు. గొప్ప ఏర్పాటు. కానీ అక్కడ చిన్న ప్రకటనలు చాలావరకు Advertising అన్న ఒకే అంశం కింద గుత్తగా ఉంటాయి. రెండు మాటలు కలిపి వెతికితే, ఒకటి ఒక ప్రకటనలోనూ రెండోది ఎక్కడో కింద ఇంకో ప్రకటనలోనూ ఉన్న కాలమ్ కూడా ఫలితాల్లోకి వచ్చేస్తుంది. అక్షరాలు ఎంత దిద్దినా ఆ ఇబ్బంది పోదు.

మీ ఇంట్లో అటక మీద పాత పత్రికలుంటే ఫొటో తీసేటప్పుడు మీకు కావాల్సిన ప్రకటన ఒక్కదాన్నే తీయకండి. పైన విభాగం పేరు, పుట మీది తేదీ, పక్క కాలమ్ మొదలు కూడా పడేలా పుట మొత్తం తీయండి.