తాబేలు ఫొటోలో పైన గుట్టలు కాదు, కింద మచ్చ చూడండి

డల్లాస్ నుంచి ఒక అక్క మూడు ఫొటోలు పంపారు. వాళ్లింట్లో రెండేళ్ల సల్కాటా తాబేలు ఉంది. ఇది ఆఫ్రికా జాతి, అమెరికాలో చాలామంది పెంచుకుంటారు. "డిప్ప గుట్టలు గుట్టలుగా లేచింది తమ్ముడూ, తిండి తేడా చేసిందా?" అని అడిగారు.

మొదటి ఫొటో పైనుంచి తీసింది. డిప్ప మీద ఒక్కో పలక చిన్న పిరమిడ్‌లా లేచి ఉంది. దీన్నే పిరమిడింగ్ అంటారు. ప్రొటీన్ ఎక్కువైందని అందరూ అనేస్తారు. కానీ 2003లో వియన్నా పరిశోధకులు సల్కాటా పిల్లల్ని పెంచి చూస్తే, పొడి గాలిలో పెరిగినవాటికే గుట్టలు ఎక్కువ వచ్చాయి. ప్రొటీన్ ప్రభావం తక్కువే. దీనికి తిండి ఎలాగూ ముఖ్యంగా గడ్డే ఉండాలి, కానీ ముందు అనుమానించాల్సింది గాలిలో తేమని.

లేచిన గుట్ట మళ్లీ దిగదు. అందుకే పలకల మధ్య లేతరంగు గీత చూడండి, కొత్త ఎదుగుదల అక్కడే. అక్క నాలుగు నెలల క్రితం తడి మట్టి పెట్టె పెట్టారు. గీత ఇప్పుడు చదునుగా ఉంది. అంటే గుట్టలు పాత కథ.

రెండోది పక్కనుంచి తీసింది. డిప్ప అంచులు పైకి తిరిగినా, వెనక భాగం కుంగినా కాల్షియం, యూవీబీ వెలుగు అందట్లేదేమో అనుకోవాలి. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ లెక్కలోకి రాదు, అద్దం యూవీబీని ఆపేస్తుంది. ఇక్కడ ఆకారం బానే ఉంది. కానీ గట్టిదనం ఫొటోలో తెలీదు కదా! అందుకే వేలితో మెల్లగా నొక్కమన్నాను. గట్టిగానే ఉందన్నారు. ఈ వయసులో మెత్తగా లొంగితే వెంటనే డాక్టర్ దగ్గరికే.

మూడోది కడుపు వైపు. అక్క అడగనే లేదు గానీ, అక్కడ కందిగింజంత తెల్ల మచ్చ ఉంది. ఫ్లాష్ మెరుపులో సరిగ్గా కనపడలేదు. తడిగుడ్డతో తుడిచి, ఆరాక, ఫ్లాష్ లేకుండా పక్క వెలుతురులో మళ్లీ తీయమన్నాను. పైపైన అంటిన మట్టి మరకైతే పోయేది. ఇది పోలేదు. పైగా అంచున నీడ పడింది, అంటే గుంట. చుట్టూ ఎరుపు కూడా. డిప్ప కుళ్లు ఇలాగే మొదలవుతుంది. వాసనొచ్చినా, రసి కారినా ముదిరినట్టే.

మర్నాడే సరీసృపాల డాక్టర్‌కి చూపించారు. ఇన్ఫెక్షనే. చచ్చిన పొర గీకి మందు రాశారు. కారణం ఏంటో తెలుసా? ఆ తడి పెట్టే! గాలిలో తేమ కావాలి గానీ, కడుపు రోజంతా బురదలో నానకూడదు.

చర్మం సంగతికొస్తే, పల్చటి పొరలు రాలడం మామూలే. కింద పచ్చిగా ఎర్రబడితేనో, వాస్తేనో చూపించండి.

ఇదంతా మన నక్షత్ర తాబేలుకి అన్వయించకండి. దానికి గుట్టలు సహజంగానే ఉండొచ్చు. పైగా ఇండియాలో అనుమతి లేకుండా దాన్ని ఇంట్లో పెంచడం నేరం.