పక్క సీట్లో బ్రేకు ఉందా?

నలభై ఏళ్లు దాటాక కారు నేర్చుకుంటానంటే ఇంట్లో ముందుగా వినబడే మాట, "స్కూలుకి డబ్బులెందుకు, నేను నేర్పిస్తాగా!" మాట మంచిదే. కాకపోతే నేర్పే మనిషి కూర్చునే చోట బ్రేకు ఉండదు. స్కూలు కారులో నేర్పేవాళ్ల కాళ్ల దగ్గర కూడా క్లచ్, బ్రేక్ ఉంటాయి, రూలు ప్రకారం ఉండి తీరాలి. ఇంటి కారులో పక్కవాళ్ల చేతికి అందేది హ్యాండ్‌బ్రేక్ ఒక్కటే. కొన్ని కొత్త కార్లలో అదీ బటనైపోయింది.

నేర్పే భర్తలు అరిచేది కోపంతో కన్నా ఈ నిస్సహాయతతోనేమో అనిపిస్తుంది నాకు. ఆటో అడ్డమొస్తే పాపం ఆయన చెయ్యగలిగింది "బ్రేక్ వెయ్యి!" అని కేక పెట్టడమే. ఆ కేకకు ఉలిక్కిపడి క్లచ్ ఠక్కున వదిలేస్తే బండి ఎగిరి ఆగిపోతుంది. కంగారులో బ్రేకనుకుని యాక్సిలరేటర్ తొక్కేస్తే ఇంకా ప్రమాదం. అందుకే మొదటి పాఠాలు స్కూల్లోనే. సొంత కారు నడిపేవాళ్లకు 21 రోజుల్లో కనీసం 10 గంటలు బండి నడిపించాలని నిబంధన. రోజుకు అరగంట చొప్పున 15 రోజులంటే ఏడున్నర గంటలే, చేరేముందు లెక్క చూసుకోండి.

స్కూలుకీ ఒక లోపముంది. రెండో రోజే ట్రాఫిక్‌లో నడిపేశామని సంబరపడతాం గానీ సగం క్లచ్ ఆయనే తొక్కి ఉంటాడు. చాలా స్కూలు కార్లలో రెండు వైపుల పెడళ్లకూ లంకె ఉంటుంది. మీరు నొక్కకుండానే పెడల్ మీ పాదం కింద దిగిపోతుంటే, నడుపుతున్నది మీరు కాదన్నమాట. అప్పుడు ఖాళీ రోడ్డు మీద "మాస్టారూ, కాసేపు కాళ్లు వెనక్కి పెట్టుకోండి" అని అడగాలి. చదునైన చోట, ఫస్ట్ గేర్‌లో, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా క్లచ్ మెల్లగా వదలండి. ఇంజిన్ శబ్దం కాస్త బరువెక్కి, బండి సన్నగా వణికే చోట కాలు ఆపితే కారు దానంతటదే కదులుతుంది. ఇది ఎవరి సాయమూ లేకుండా వరసగా కుదిరితే ఇంటి కారు తియ్యొచ్చు.

అయితే ఇంటి కారులో ఆ వణుకు వేరే ఎత్తులో వస్తుంది. అందుకని ఆదివారం పొద్దున్నే ఖాళీ మైదానంలో మళ్లీ మొదటినుంచి. ఇంటివాళ్ల అవసరం ఇక్కడే మొదలవుతుంది. లెర్నింగ్ లైసెన్స్ వచ్చాక 30 రోజులు ఆగితేగానీ పరీక్షకు వెళ్లలేం, అది చెల్లేది ఆరు నెలలు. స్కూలు అయిపోయాక మిగిలిన రోజుల్లో సాధన ఇంట్లోవాళ్లతోనే. పక్కన లైసెన్స్ ఉన్న మనిషి కూర్చోవాలి, ముందూ వెనకా ఎర్రటి 'ఎల్' ఉండాలి. ఇవి లేకుండా గుద్దితే బీమా కంపెనీ పరిహారానికి పేచీ పెట్టొచ్చు.

పక్కన కూర్చునేవాళ్లు చెయ్యాల్సిందల్లా మలుపు రాకముందే చెప్పడం. "అదిగో ఆ మెడికల్ షాపు దాటాక ఎడమకి, ఇప్పట్నుంచే అద్దం చూసుకో" అంటే సరిపోతుంది. పరీక్షకు ఇంటి కారే తీసుకెళ్లేటట్టయితే 'హెచ్' ట్రాక్ కోసం రివర్స్ సాధన దాని మీదే చెయ్యాలి. స్కూలు చిన్న కారులో కుదిరిన మలుపు ఇంటి పెద్ద కారులో గీత దాటిపోతుంది.